టెక్ సందేహాలు: నిన్నటి నోట్‌ను ఇవాళ్టికి కాపీ చేయొచ్చా?

ప్రశ్న: గుంటూరులో ఒక ఐసీయూలో డ్యూటీ డాక్టర్‌ని. వెంటిలేటర్ పేషెంట్లకు రోజూ ప్రోగ్రెస్ నోట్ రాయాలి. మా సాఫ్ట్‌వేర్‌లో నిన్నటి నోట్ కాపీ చేసే బటన్ ఉంది. దాంతో టైమ్ చాలా కలిసొస్తోంది. కానీ సీనియర్లు వాడొద్దంటున్నారు. రౌండ్స్ ముందు స్క్రీన్ ఫొటో తీసి గ్రూపులో పెడుతున్నాం, అది కూడా తప్పేనా?

జవాబు: సమస్యల పేర్లు, పాత జబ్బుల వివరాలు కాపీ చేసుకోండి. అంకెలు, మీ అంచనా, ప్లాన్ మాత్రం కాపీ చేయకండి. విజయవాడ నుంచి, గుంటూరు నుంచి ఇదే ప్రశ్న చాలాసార్లు వచ్చింది. అందుకే ఈ బటన్ ఏం చేస్తుందో చూడటానికి ఐసీయూలో పనిచేసే ఒక మిత్రుడి పక్కన కూర్చున్నాను.

ఆయన చూపించిన కేసు ఇది. న్యుమోనియాతో ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిని ఏఆర్‌డీఎస్ వచ్చిన ఒక పెద్దావిడ. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. వెంటిలేటర్ ఒక్కో శ్వాసకు 420 మిల్లీలీటర్లు ఇస్తోంది. నోట్‌లో మాత్రం ‘కిలోకు 5.4, సేఫ్’ అని ఉంది. మొదటి రోజు రాసిన ఆ మాటే నాలుగో రోజు దాకా నడిచింది. లెక్క తప్పు కాదు, బరువు తప్పు. మనిషి లావైతే ఊపిరితిత్తులు పెద్దవైపోవు కదా! అందుకే ఈ లెక్కకు ఎత్తునుబట్టి వచ్చే బరువు తీసుకోవాలి. ఆడవాళ్లకు సూత్రం ఇది:

```
45.5 + 0.91 × (ఎత్తు సెం.మీ. − 152.4)
```

మగవాళ్లకు 45.5 బదులు 50. ఈవిడకు దాదాపు 48 కిలోలు వస్తుంది. అంటే ఆవిడకు అందుతున్నది కిలోకు 8.8. ఏఆర్‌డీఎస్‌లో లక్ష్యం 6 దగ్గర. నర్సుల చార్టులో ఊపిరితిత్తుల మీద పడే ఒత్తిడి, అంటే ప్లాటో ప్రెషర్, 31 అని రాసే ఉంది. 30 దాటకూడదన్న హద్దు వాళ్లందరికీ తెలుసు. అయినా కాపీ అయిన నోట్‌లో ‘సేఫ్’ అని కనబడుతుంటే చార్టు తిరగేసేదెవరు?

ఆ రోజు ఆయన శ్వాస సమస్య కింద పాత వాక్యం తీసేసి కొత్తగా రాశారు. ఒక్కో శ్వాసకు ఇచ్చే గాలిని, అంటే టైడల్ వాల్యూమ్‌ను, 420 నుంచి 290కి, కిలోకు ఒక్కో మిల్లీలీటరు చొప్పున మెట్టుమెట్టుగా తగ్గించాలి. కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోకుండా నిమిషానికి శ్వాసల రేటును 18 నుంచి 26 వైపు పెంచుతూ పోవాలి. మార్చాక రక్తంలో వాయువులు చూసే ఏబీజీ పరీక్ష తీయాలి. పీహెచ్ 7.25 కంటే తగ్గితే ఆయనకు ఫోన్ చేయాలి. ఏం మార్చాలి, ఏది చూడాలి, ఎప్పుడు పిలవాలి, మూడూ అందులో ఉన్నాయి. షాక్, ఇన్ఫెక్షన్, కిడ్నీ, ప్రతి సమస్య కిందా ఇలాగే రాయాలి. ‘కంటిన్యూ సేమ్’ అని రాస్తే రాత్రి డ్యూటీకి వచ్చినవాళ్లకు ఏం అర్థమవుతుంది?

యాంటీబయోటిక్ విషయంలో కూడా ఇదే జరుగుతోంది. ‘మూడో రోజు’ అని రాసి కాపీ చేస్తే ఆరో రోజు కూడా మూడో రోజే అవుతుంది. మొదలుపెట్టిన తేదీ రాయండి, అది మారదు.

ఇందులో సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ల తప్పు నాకు ఎక్కువ కనబడుతోంది. ఎత్తు అడిగి, బరువు తనే లెక్కగట్టడం ఎంత పని? కాపీ చేసిన అంకెల్ని వేరే రంగులో చూపించి, డాక్టర్ సరిచూసేదాకా సంతకం పడకుండా ఆపొచ్చు. రంగుల డాష్‌బోర్డుల మీద పెట్టిన శ్రద్ధ ఇక్కడ పెట్టలేదు. మీ ఐటీ వాళ్లను ఈ రెండూ రాతపూర్వకంగా అడగండి.

ఇక ఫొటోల సంగతి. నాకు అసలు భయం ఇక్కడే. ఆ ఫొటోలో పేషెంటు పేరు, వయసు, ఆస్పత్రి నంబరు, జబ్బు అన్నీ ఉంటాయి. తీసిన మరుక్షణం అది మీ గ్యాలరీలోకి, అక్కడి నుంచి ఆటో బ్యాకప్‌లో మీ సొంత ఖాతాలోకి పోతుంది. గ్రూపులో ఉన్న ప్రతివాళ్ల ఫోన్‌లోకీ చేరుతుంది. ఉద్యోగం మానేసి వెళ్లినవాళ్లు ఇంకా ఆ గ్రూపులో ఉన్నారేమో ఇవాళే చూడండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, డేటాకు తగిన భద్రత కల్పించని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా రాసింది. ఆ ఇంటివాళ్లకు జరిగే నష్టం జరిమానాతో తీరదు.

పైగా ఆ ఫొటో కూడా కాపీయే. పొద్దున ఎనిమిదింటికి తీసిన సెట్టింగులు చూసి మధ్యాహ్నం ఎవరో ఫోన్‌లో సలహా చెబుతారు. ఈలోగా బెడ్ దగ్గర ఆక్సిజన్ రెండుసార్లు మారి ఉంటుంది. ‘ఏడో బెడ్, ఆక్సిజన్ పెంచాం, సిస్టమ్‌లో చూడండి’ అని మెసేజ్ పెడితే చాలు. చూసేవాళ్లు తమ లాగిన్‌తోనే చూడాలి. ఐసీయూ అంతటికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టి మానిటర్‌కు చీటీ అంటించి ఉంటే, ముందు ఆ చీటీ పీకేసి ఆ పాస్‌వర్డ్ మార్పించండి.