వీలునామా ఒక్కటే ప్రతి, అదీ పాడైతే?

పర్లాకిమిడిలో మా నాన్న తెల్లకాగితం మీద రాసిన వీలునామా, ఆయన పోయాక ట్రంకుపెట్టెలో నీళ్లు చేరి ముద్దయిపోయింది. జిరాక్స్ కూడా లేదు. ఇక అంతేనా?

అంతే కాదండీ. ముందు ఆ ముద్దను పారేయకండి, ఫొటోలు తీసి దాచండి. కాగితం మీ నాన్నగారు పోయాకే పాడైందని చూపడమే ఇందులో కీలకం. ఎందుకంటే బతికుండగా ఆయనే రద్దు చేసే ఉద్దేశంతో చింపేసుంటే వీలునామా రద్దయినట్టే. అవతలివాళ్లు పట్టుకునేది ఆ మాటనే. కాబట్టి దినకార్యాల తర్వాత పెట్టె తెరిచి కాగితం చూసినవాళ్లెవరో గుర్తుచేసుకోండి.

తర్వాత రాసిన లేఖరిని కలవండి, చిత్తుప్రతి ఉండొచ్చు. ఉంటే 1925 భారత వారసత్వ చట్టం 237వ సెక్షన్ కింద దాని మీదే ప్రొబేట్, అంటే వీలునామా చెల్లుతుందని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ, అడగొచ్చు. అదీ లేకపోతే 238వ సెక్షన్: అందులో ఏముందో సాక్ష్యంతో రుజువు చేయాలి. సంతకం పెట్టిన సాక్షుల్లో బతికున్నవారు కనీసం ఒకరు కోర్టులో చెప్పాలి. "ఇల్లు పెద్దాడికన్నారు" అంటే చాలదు, ఏ ఆస్తి ఎవరికో స్పష్టంగా రావాలి. సాక్షులు పెద్దవాళ్లైతే ఆలస్యం చేయకండి.

అర్జీ జిల్లా కోర్టులో. వీలునామాలో దాన్ని అమలు చేసే కార్యనిర్వాహకుణ్ణి పెట్టకపోతే ప్రొబేట్ బదులు లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్, అంటే ఆస్తి వ్యవహారాలు చూసే అధికారమిచ్చే కోర్టు పత్రం, అడగాలి. అన్నట్టు, రిజిస్టర్ చేయించారేమో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఒకసారి వాకబు చేయండి. చేయించి ఉంటే మరణ ధ్రువపత్రం చూపి సర్టిఫైడ్ నకలు తెచ్చుకోవచ్చు.