పీజీ నెట్‌లో లైన్ రిజర్వ్ చేస్తే ఏమవుతుంది?

సర్క్యూట్ స్విచింగ్‌లో లైన్ మనకే ఉంటుంది కదా, మరి నెట్‌కి డేటాని ప్యాకెట్లనే చిన్న ముక్కలు చేసి, అందరివీ ఒకే లైన్‌లో కలిపి పంపే ప్యాకెట్ స్విచింగ్ ఎందుకు?

నెట్ వాడకం ఆగి ఆగి వస్తుంది కాబట్టి, రిజర్వ్ చేసిన వాటా ఎక్కువసేపు ఖాళీగానే పడుంటుంది. పేజీ తెరిస్తే రెండు సెకన్లు డేటా వస్తుంది, చదివేంతసేపూ ఏమీ రాదు, ప్యాకెట్ స్విచింగ్‌లో ఆ ఖాళీ పక్కోళ్ళకి పనికొస్తుంది. బెంగళూరు మారతహళ్ళిలో ఒక పీజీకి 20 ఎంబీపీఎస్ లైన్ ఉందనుకోండి, వాడేటప్పుడు మనిషికి 2 కావాలి, కానీ టైంలో పదో వంతే వాడతారు. రిజర్వ్ చేస్తే 10 మందితో సరి, అదే కలిపి పంచితే 40 మందికిచ్చినా, ఎవరి టైంలో వాళ్ళు వాడుతుంటే, ఒకేసారి 10 మందికి మించి తగులుకునేది వెయ్యిలో ఒకటి రెండు సార్లే, అప్పుడు ప్యాకెట్లు రౌటర్ బఫర్‌లో, అంటే దాని తాత్కాలిక మెమరీలో, కాస్త ఆగుతాయి అంతే. దీంతో లైన్ స్పీడే పెరిగిందనుకుంటారు చాలామంది, అది తప్పు. రాత్రి అందరూ ఒకేసారి మ్యాచ్ పెడితే ఈ లెక్క పనిచేయదు, బఫర్ నిండి ప్యాకెట్లు పోతాయి.