మందుల మాటలు విప్పే పద్ధతి: భార్గవికి లేఖ

చిరంజీవి భార్గవికి,

నర్సింగ్ మొదటి సంవత్సరం పుస్తకంలో పేజీకి ఇరవై కొత్త మాటలు తగులుతున్నాయని, రాత్రి బట్టీపట్టినవి పొద్దున్నకి పోతున్నాయని రాశావు. బట్టీ ఆపెయ్. టెన్త్ దాకా తెలుగు మీడియంలో సమాసాలు విడదీసి విగ్రహవాక్యాలు రాశావు కదా, ఇక్కడా అదే పని.

కేస్ షీటులో 'కోలెసిస్టెక్టమీ' అని ఉందనుకో. ముందు తోక పట్టుకో. 'ఎక్టమీ' అంటే కోసి తీసేయడం. అంటే ఇది జబ్బు కాదు, ఆపరేషన్. ఇప్పుడు మొదటికి రా. 'కోలె' అంటే పిత్తం, 'సిస్ట్' అంటే సంచి. మన పిత్తాశయం కూడా పిత్తం, ఆశయం కలిసిన మాటే కదా! పిత్తాశయాన్ని తీసేసే ఆపరేషన్ అన్నమాట. అదే షీటులో పైన 'కోలెలిథయాసిస్' అని ఉంటే, 'లిథ్' అంటే రాయి, 'అయాసిస్' అంటే ఆ స్థితి. ఎందుకు తీశారో కూడా తెలిసిపోయింది.

'సిస్ట్' దగ్గర ఒక చిక్కుంది. ముందు 'కోలె' లేకుండా వట్టి 'సిస్టైటిస్' అని ఉంటే అది మూత్రాశయం వాపు. పిత్తాశయం అనుకుంటే రోగి అవయవమే మారిపోతుంది.

ముక్కల్ని అతికేటప్పుడు మధ్యలో ఓ అనే అచ్చు వస్తుంది. తర్వాతి ప్రత్యయం అచ్చుతో మొదలైతే అది లోపిస్తుంది, మన సంధుల్లో లాగే. 'గ్యాస్ట్రోస్కోపీ'లో ఓ ఉంది, 'గ్యాస్ట్రైటిస్'లో లేదు. అయితే రెండు ధాతువుల మధ్య మాత్రం, రెండోది అచ్చుతో మొదలైనా ఓ నిలుస్తుంది. అందుకే 'గ్యాస్ట్రోఎంటరైటిస్'. స్పెల్లింగులో తప్పులు ఎక్కువగా పోయేది ఇక్కడే.

ఉపసర్గల్లో చాలావాటికి సంస్కృతంలో తోబుట్టువులున్నాయి, నీకు సగం వచ్చినట్టే. మనం హల్లు ముందు 'అ' పెట్టి అశాంతి అంటాం, అచ్చు ముందు 'అన్' పెట్టి అనారోగ్యం అంటాం. గ్రీకుదీ అదే సూత్రం: శ్వాస ఆగితే 'అప్నియా', మూత్రం రాకపోతే 'అన్యూరియా'. మన 'దుస్' అక్కడ 'డిస్', కాబట్టి ఊపిరి కష్టమైతే 'డిస్ప్నియా'. మన 'పరి' అక్కడ 'పెరి', గుండె చుట్టూ ఉన్న పొర 'పెరికార్డియం'. 'ఉపరి'కి చుట్టం 'హైపర్', 'ఉప'కి చుట్టం 'హైపో'. రెండింట్లోనూ ర వినిపిస్తే ఎక్కువ అని గుర్తు. ఫోన్లో 'గ్లైసీమియా' మాత్రమే స్పష్టంగా వినిపించిందంటే ఊహించకు. "షుగర్ ఎక్కువా, తక్కువా? అంకె ఎంత?" అని అడుగు. రెండింటి చికిత్సా ఒకదానికొకటి ఎదురు.

చెవికి మోసం చేసేవి ఇంకొన్ని ఉన్నాయి. 'ట్రేకియాటమీ'లో 'టమీ' అంటే కోయడం, 'ట్రేకియాస్టమీ'లో 'స్టమీ' అంటే ద్వారం పెట్టడం. 'స్టోమా' అంటే గ్రీకులో నోరు. ఒక్క స తేడాతో మాట మారిపోతుంది. 'డిస్ఫేజియా' మింగడంలో ఇబ్బంది, 'డిస్ఫేషియా' మాటలో ఇబ్బంది. పక్షవాతం వార్డులో రెండూ ఒకే రోగికి ఉండొచ్చు కాబట్టి సందర్భం చూసి తేల్చుకుందామంటే కుదరదు, స్పెల్లింగు చూడాల్సిందే.

ఒకే అవయవానికి రెండు పేర్లున్నాయని కంగారు పడకు. కిడ్నీకి లాటిన్ 'రీన్', గ్రీకు 'నెఫ్ర్'. రక్తనాళంలాంటి శరీర భాగాల పేర్లలో ఎక్కువగా లాటిన్ కనిపిస్తుంది, 'రీనల్ ఆర్టరీ' అలాంటిదే. జబ్బులూ ఆపరేషన్లూ ఎక్కువగా గ్రీకు: 'నెఫ్రైటిస్', 'నెఫ్రెక్టమీ'.

నోటుబుక్కులో రోజుకి ఐదు ముక్కలు చాలు. మాట పూర్తిగా రాసి, గీతలతో విడగొట్టి, కింద తెలుగు అర్థం రాయి. మర్నాడు అర్థం వైపు మూసి చెప్పుకో. రానివాటినే మళ్ళీ రాయి. మొదటి వారం తోకలే చదువు, అవయవాలు తర్వాత. 'న్యుమోనియా' డిక్షనరీలో ఎన్ కింద దొరకదు, పి కింద వెతుకు. మొదట్లో పలకని ఆ పి, 'అప్నియా' మధ్యలో మాత్రం పలుకుతుంది.

విప్పిన అర్థమే నిర్వచనం అనుకోకు. 'అన్యూరియా' అంటే అసలు చుక్క కూడా రాలేదని కాదు, మామూలుగా 24 గంటల్లో 100 మిల్లీలీటర్ల లోపు వచ్చినా ఆ మాటే రాస్తారు. 'మలేరియా' అంటే ఇటాలియన్‌లో చెడుగాలి, ఆ పేరు చూసి దోమని కనిపెట్టలేం. విప్పాక ఒకసారి పుస్తకంలో సరిచూసుకో.

ఈసారి ఉత్తరంలో 'కోలెడోకోలిథాటమీ' విప్పి పంపు. 'కోలెడోక్' అంటే పిత్తనాళం. మిగిలిన రెండు ముక్కలూ పైన చెప్పినవే.

ఇట్లు,
మీ పెద్దమ్మ