హత్యకూ, హత్య కాని నరహత్యకూ తేడా

ప్రశ్న: మనిషి చనిపోతే ఒక కేసును హత్య అంటారు, ఇంకోదాన్ని హత్య కాని నేరపూరిత నరహత్య అంటారు. ఎందుకలా?

చంపాలన్న ఉద్దేశంతో చేస్తే హత్య. ఆ ఉద్దేశం లేకుండా, ప్రాణం పోవచ్చని తెలిసీ చేస్తే సాధారణంగా హత్య కాని నరహత్య. ప్రాణం పోవడం ఒకటే అయినా, చేసినవాడి మనసును బట్టి చట్టం శిక్ష మారుస్తుంది.

కోనసీమలో ఒక రైతు ఎలుకల బెడదకు చేను గట్టు చుట్టూ కరెంటు తీగ లాగాడనుకోండి. తెల్లవారుజామున బోదెకు నీళ్లు మళ్లించడానికి వచ్చిన పక్క చేను రైతు అది తగిలి చనిపోయాడు. తీగ పెట్టిన రైతుకు అతనిపై పగ లేదు. కానీ ఆ గట్టున మనుషులు నడుస్తారని, కరెంటు ప్రాణం తీస్తుందని తెలుసు. అందుకే ఇది నరహత్య. భారతీయ న్యాయ సంహిత 105వ సెక్షన్ కింద 10 ఏళ్ల వరకు జైలు, జరిమానా. అదే తీగను ఆ పక్క చేను రైతును చంపాలనే, అతను వచ్చే వేళకు పెడితే హత్య. 103వ సెక్షన్ కింద మరణశిక్ష లేదా యావజ్జీవం.

“చంపాలనుకోలేదు, కాబట్టి హత్య కాదు” అనుకోవడం పొరపాటు. కొబ్బరికాయలు కొట్టే కత్తితో కావాలని కడుపులో బలంగా పొడిచి, “భయపెడదామనే” అంటే చెల్లదు. మామూలుగా ప్రాణం తీసేంత గాయాన్ని ఉద్దేశపూర్వకంగా చేయడమూ హత్యే, హఠాత్తుగా తీవ్రంగా రెచ్చగొట్టడం లాంటి చట్టం చెప్పిన మినహాయింపు వర్తిస్తే తప్ప.