ఆర్డరు వచ్చింది సరే, చీర దిగిందా?

అమ్మలూ,

నీ ఆన్‌లైన్ చీరల స్టోరు లెక్కలు చూపిస్తూ నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటో చూశాను. నెలకి 100 ఆర్డర్లు, 1,20,000 అమ్మకం. ఆర్డరు పెట్టేటప్పుడు ఓటీపీ అడగడం తీసేశాక కన్వర్షన్, అంటే సైటుకి వచ్చినవాళ్లలో ఆర్డరు పెట్టేవాళ్ల వాటా, 1.68 శాతం నుంచి 2కి పెరిగిందని మీ అత్తతో కూడా చెప్పావట. బాగుంది. కానీ అది చూసుకుని పొందూరులో నేతవాళ్లకు పండగ సరుకు చెప్పేస్తానన్నావు చూడు, అక్కడ కాస్త ఆగు. గంటస్తంభం దగ్గర కొట్టు నడుపుతూ ఆన్‌లైన్‌లో దిగిన మొదటి ఏడాది నేనూ అదే చేశాను. తెర మీద డబ్బు చూసి అడ్వాన్సులిచ్చేశాను. తర్వాతి నెల పార్సిళ్లు వెనక్కి రావడం మొదలైంది.

కొట్లో అయితే డబ్బు గల్లాలో పడ్డాకే అమ్మకం. నీ స్టోరు మాత్రం బటన్ నొక్కగానే అమ్మకం రాసేసుకుంటుంది. క్యాష్ ఆన్ డెలివరీలో ఆ నొక్కుడుకి విలువ నోటిమాటంత. వద్దన్న పార్సిల్ వెనక్కి రావడాన్ని కొరియర్ వాళ్లు ఆర్‌టీఓ అంటారు. మొదట్లో నేను లైసెన్సుల ఆఫీసు అనుకున్నాను!

నీ రెండు నెలల లెక్కా పక్కపక్కన పెట్టాను. రెండు నెలల్లోనూ సైటుకి వచ్చినవాళ్లు 5,000 మందే. ఓటీపీ ఉన్న నెల 84 ఆర్డర్లలో 20 ముందే డబ్బు కట్టినవి, 64 సీఓడీ. ఆ 64లో 8 తిరిగొచ్చాయి. చేరినవి 76. ఓటీపీ తీసేసిన నెల 100 ఆర్డర్లలో కట్టినవి మళ్లీ 20, సీఓడీ 80. తిరిగొచ్చినవి 24. చేరినవెన్ని? 76! పెరిగిన 16 ఆర్డర్లూ తిరుగు టపాలో వచ్చేశాయి. చేరినవాటితో కొలిస్తే కన్వర్షన్ రెండు నెలల్లోనూ 1.52 శాతమే. ఒక్క నెల అంకెలతో తప్పంతా ఓటీపీదే అని తేల్చలేం. కానీ అది తీసేయడం వల్ల లాభం వచ్చిందని మాత్రం అనకు.

ఇక డబ్బు. చీర 1,200కి అమ్మితే నీకు మిగిలేది 400. వందకి 40,000. పంపే ఖర్చు చీరకి 80 చొప్పున 8,000, ప్రకటనలకి 20,000, సీఓడీ వసూలు రుసుము 40 చొప్పున 80 ఆర్డర్లకి 3,200. తెర ప్రకారం 8,800 లాభం. అసలు లెక్కలో మిగులు 76 చీరలకే, అంటే 30,400. పంపిన ఖర్చు వందకీ పడింది. వెనక్కి తెచ్చినందుకు 70 చొప్పున 24కి 1,680. వసూలు రుసుము చేరిన 56 సీఓడీలకే, 2,240. ప్రకటనల డబ్బు ఎటూ పోయింది. మొత్తం 31,920 ఖర్చు. అంటే 1,520 నష్టం. ఇంకా మడత నలిగిన చీరలకి ఇస్త్రీ, అవి దారిలో తిరిగినన్ని రోజులూ ఆగిపోయిన పెట్టుబడి ఇందులో వేయలేదు.

ప్రకటనల దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఆర్డరు పెట్టాక థాంక్యూ పేజీ తెరుచుకోగానే ప్రకటనల కంపెనీకి `Purchase` అని సమాచారం వెళుతుంది. వద్దన్నారన్న కబురు వెనక్కి వెళ్లదు. దాంతో ప్రకటన అలా నొక్కేసేవాళ్లలాంటి వాళ్లనే ఇంకా వెతికి తెస్తుంది. ఏ ప్రకటన బాగుందో దాని తెర మీద కాకుండా, దాని ద్వారా వెళ్లిన చీరల్లో ఎన్ని దిగాయో చూసి తేల్చుకో.

లెక్క ఎప్పుడు చూడాలన్నది కూడా ముఖ్యం. తీసుకునేవాళ్లు చాలావరకు మొదటిసారికే తీసుకుంటారు. తీసుకోనివాళ్ల దగ్గరికి కొరియర్ రెండుమూడు సార్లు తిరిగి, ఆ తర్వాత గానీ వెనక్కి పంపదు. అందుకే వారానికే చూస్తే తిరిగొచ్చేవి తక్కువగా కనిపిస్తాయి. నేను నాలుగు వారాలు ఆగుతాను. తిరిగొచ్చినదాన్ని అది వచ్చిన నెలలో కాకుండా ఆర్డరు పెట్టిన నెలలోనే కొట్టేస్తాను. అలా చేయకపోతే పండగ నెల బంగారంలా, తర్వాతి నెల దరిద్రంగా కనిపిస్తాయి. దారిలో ఉన్నవాటిని చేరినట్టు రాయకు, వేరే గడిలో పెట్టు.

సీఓడీ ఎత్తేయమనడం లేదు. మన పల్లెల్లో చీర చేత్తో పట్టుకోకుండా డబ్బివ్వమంటే ఎవరిస్తారు? ఓటీపీ మళ్లీ పెట్టు. పంపే ముందు సీఓడీవాళ్లకి ఫోన్ చేసి, ఆ రోజుల్లో ఇంట్లో ఉంటారా, డబ్బు సిద్ధంగా ఉంటుందా అని అడుగు. ఖరీదైన ఖద్దరు చీరలకి మాత్రం కొంత ముందే కట్టించుకో.

ఈలోగా ఆ 24 మందికీ నువ్వే ఫోన్ చెయ్యి. కాగితం మీద 'కస్టమర్ వద్దన్నారు' అని ఉంటుంది. నేను ఓసారి అలా చేస్తే, సాలూరు వైపు ఒకావిడ "ఎవరూ రాలేదు బాబూ, చీర కోసం ఎదురుచూస్తున్నాను" అంది. అలాంటివి ఎన్నో విడిగా రాసి ఆదివారం నాకు పంపు. నేతవాళ్లకి ఎన్ని చీరలు చెప్పాలో అప్పుడు చూద్దాం.

మీ మావయ్య,
విజయనగరం