యాంకర్ మార్చకుండా చదవగలిగే వక్త పరిచయం

బెంగళూరు తెలుగు సంఘం సభలో మాట్లాడాలి, పరిచయం ఒక పేరాలో పంపమన్నారు. నా గురించి నేనే రాసి, పేరుకు ‘గారు’ పెట్టుకోవచ్చా?

పెట్టుకోవాలి, క్రియలు కూడా ‘చేశారు, రాశారు’ అనే ఉండాలి. ఆ మాటలు పలికేది మీరు కాదు, యాంకర్. మీరు వినయంగా ‘పనిచేస్తున్నాడు’ అని రాస్తే, ఆయన వేదిక మీద ప్రతి క్రియనూ అప్పటికప్పుడు మార్చుకోవాలి. రెండు మార్చి మూడోది మర్చిపోతారు, సభ నవ్వుతుంది. గొప్పలు చెప్పుకున్నట్టవుతుందని చాలామంది జంకుతారు గానీ, గొప్ప వినిపించేది ‘ప్రఖ్యాత’, ‘బహుముఖ ప్రజ్ఞాశాలి’ లాంటి విశేషణాల్లో. అవి తీసేయండి.

60 మాటలు దాటకండి. వాక్యానికి ఒకటే సంగతి, పది మాటల లోపు. ‘చదివి, చేరి, పొంది’ అని సాగదీస్తే క్రియ వచ్చేలోపు ఊపిరి అయిపోతుంది.

కంటికి కనబడేది నోటికి పలకదు. ‘ఎం.టెక్ (1998), ఇంజనీర్/రచయిత, 20+ ఏళ్లు’ అని ఉంటే బ్రాకెట్‌నూ గీతనూ ఏం చేయాలో యాంకర్‌కు తోచదు. దాన్నే ఇలా రాయండి: ‘ఈనాటి వక్త వృత్తిరీత్యా సివిల్ ఇంజనీరు. ఇరవై ఏళ్లకు పైగా బెంగళూరు చెరువుల మీద పనిచేస్తున్నారు. ఆ అనుభవాలతో కథలూ రాశారు. ఈరోజు మన వీధి వాననీరు ఎటు పోతుందో చెబుతారు.’ ఆ తర్వాతే పేరు, ‘గారు’తో. చప్పట్లు అక్కడ పడతాయి. ఇంటిపేరు పొడి అక్షరంగా వదలకుండా పలికేలా పూర్తిగా రాయండి.

పంపేముందు మీకు పరిచయం లేని వాళ్లెవరిచేతైనా పైకి చదివించండి. తడబడిన చోట మాట మార్చండి.