ఏడు ఫండ్లలో ఏవి ఉంచాలి?

ప్రశ్న: బెంగళూరులో ఉద్యోగం. మూడు లార్జ్ క్యాప్, రెండు ఫ్లెక్సీ క్యాప్, ఒక నిఫ్టీ 50 ఇండెక్స్, ఒక మిడ్ క్యాప్ ఫండ్లలో సిప్ కడుతున్నాను. ఏవి తీసేయాలి?

ముందు ఆ మూడు లార్జ్ క్యాప్‌లను చూడండి. సెబీ నిబంధన ప్రకారం అవి కనీసం 80 శాతం సొమ్మును తొలి 100 పెద్ద కంపెనీల్లోనే పెట్టాలి, కాబట్టి ఒకదానిలో ఉన్న షేర్లే మరొకదానిలోనూ కనిపించి, వాటి మధ్య పోలిక ఉండక తప్పదు.

ఆ పోలిక ఎంతో మీరే లెక్కించవచ్చు. ఫండ్ సంస్థల వెబ్‌సైట్లలో నెలవారీ పోర్ట్‌ఫోలియో ఉంటుంది. ఇండెక్స్ ఫండ్ పక్కన ఒక్కో ఫండ్‌ను పెట్టి, రెండింటిలోనూ ఉన్న ప్రతి షేరుకు తక్కువ శాతాన్ని తీసుకుని కూడండి. ఒక బ్యాంకు షేరు ఒకచోట 9, మరోచోట 7 శాతం ఉంటే 7 లెక్కలోకి వస్తుంది. ఉమ్మడి కంపెనీల సంఖ్యను మాత్రం నమ్మకండి. 30 ఉమ్మడి షేర్లున్నా, వాటి వాటా స్వల్పమైతే పోలిక తక్కువే.

మొత్తం 60 శాతం దాటితే, ఇండెక్స్ ఉండగా ఆ ఫండ్ అనవసరమని నా అభిప్రాయం. మీకు ఇండెక్స్, మిడ్ క్యాప్, ఇండెక్స్‌తో తక్కువ పోలిక ఉన్న ఒక ఫ్లెక్సీ క్యాప్ చాలు.

మిగిలిన నాలుగింటి సిప్‌లు ఇప్పుడే ఆపండి, అమ్మకం మాత్రం విడతలుగా చేయండి. ఏడాది దాటిన యూనిట్ల లాభంపై ఆర్థిక సంవత్సరానికి మొత్తం 1.25 లక్షల వరకు పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. ఏడాది నిండని వాటికి 20 శాతం పన్ను, చాలా ఫండ్లలో ఎగ్జిట్ లోడ్ కూడా ఉంటుంది. వాటిని ఆగి అమ్మండి.